కార్బురేటర్ కడిగిన తర్వాత ఐడిల్ ఎందుకు కుదరదు: రెండు స్క్రూల లెక్క, సైలెన్సర్ చెప్పే సంగతి

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధనలు అమల్లోకి వచ్చాక కొత్త బైకుల్లో చాలావాటికి ఫ్యూయెల్ ఇంజెక్షన్ వచ్చింది. అంతకుముందు అమ్ముడైన కార్బురేటర్ బండ్లు మాత్రం ఇప్పటికీ పొలాల గట్ల మీద, పట్టణాల సందుల్లో రోజూ తిరుగుతూనే ఉన్నాయి. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ బంకుల్లో మామూలైపోయిన తర్వాత వీటి యజమానుల నుంచి ఒకే రకమైన ఫిర్యాదు ఎక్కువగా వినిపిస్తోంది. కార్బురేటర్ విప్పించి, కడిగించి, స్క్రూలను పాత కొలతకే బిగించినా బండి సిగ్నల్ దగ్గర ఆగిపోతోందని, లేదా యాక్సిలరేటర్ వదిలినా రేస్ తగ్గడం లేదని వారు చెబుతున్నారు. లోపం కడగడంలో ఉందా, స్క్రూ అమరికలో ఉందా, పెట్రోల్‌లో ఉందా అన్నది చాలామందికి తేలడం లేదు.

సంక్షిప్తంగా: మిక్స్చర్ స్క్రూ ఐడిల్ సమయంలో గాలి, పెట్రోల్ పాళ్లను నిర్ణయిస్తుంది. ఐడిల్ స్క్రూ ఇంజన్ వేగాన్ని మాత్రమే నిర్ణయిస్తుంది. మొదటిదాని లోపాన్ని రెండోదానితో కప్పిపుచ్చడమే ఎక్కువ ఇబ్బందులకు మూలం. మిక్స్చర్ స్క్రూ తిప్పినప్పుడు సైలెన్సర్ శబ్దం ఎలా మారుతుందో, అసలు మారుతుందో లేదో గమనిస్తే కార్బురేటర్ నిజంగా శుభ్రపడిందా లేదా అన్నది కూడా తెలిసిపోతుంది.

రెండు స్క్రూలు, రెండు పనులు

యాక్సిలరేటర్ పూర్తిగా వదిలినప్పుడు కార్బురేటర్ గొంతులో గాలి దారిని తెరిచి మూసే స్లైడ్ దాదాపు అడుగు వరకు దిగుతుంది. మెయిన్ జెట్ మీదుగా పెట్రోల్ పైకి రావడానికి కావలసినంత గాలి వేగం అప్పుడు ఉండదు. అందుకే ఐడిల్ కోసం పైలట్ జెట్ అనే సన్నని దారి వేరుగా ఉంటుంది. ఫ్లోట్ చాంబర్ నుంచి ఈ జెట్ గుండా ఎక్కిన పెట్రోల్ కొద్దిపాటి గాలితో కలిసి, స్లైడ్ దాటాక ఇంజన్ వైపున్న చిన్న రంధ్రం నుంచి బయటికి వస్తుంది. దాన్ని లాగేది ఇంజన్ చూషణ. మిక్స్చర్ స్క్రూ ఈ చిన్న దారికే కాపలా కాస్తుంది.

ఐడిల్ స్క్రూ పని ఇంతకంటే సూటిగా ఉంటుంది. అది స్లైడ్ కింద ఆనుకుని, స్లైడ్ ఎంత వరకు దిగాలో నిర్ణయిస్తుంది. బిగించే కొద్దీ స్లైడ్ పైకి లేచి, గాలి ఎక్కువగా వెళ్లి, వేగం పెరుగుతుంది.

చిక్కు వచ్చేది ఈ రెండూ కలిసే చోట. స్లైడ్ అంచుకు దగ్గరగా బైపాస్ అనే మరో సన్నని రంధ్రం ఉంటుంది. యాక్సిలరేటర్ తిప్పడం మొదలుపెట్టగానే ఇంజన్ తడబడకుండా అదనపు పెట్రోల్ అందించడం దాని పని. ఐడిల్ స్క్రూను అతిగా బిగించి స్లైడ్‌ను పైకి లేపితే ఐడిల్‌లో ఉండగానే బైపాస్ తెరుచుకుంటుంది, పైలట్ రంధ్రం దగ్గర చూషణ తగ్గుతుంది. ఆ స్థితిలో మిక్స్చర్ స్క్రూను ఎటు తిప్పినా ఇంజన్ పెద్దగా స్పందించదు. పైలట్ జెట్ సగం మూసుకుపోయిన బండి కూడా ఇలా ఆగకుండా నడుస్తుంది కాబట్టి మరమ్మతు పూర్తయినట్టే అనిపిస్తుంది. రెండు రోజులకు అదే బండి రేస్ దిగడం లేదంటూ తిరిగి షెడ్డుకు వస్తుంది.

కడిగితే నిజంగా మారేది ఏమిటి

కెయిహిన్ రకం పైలట్ జెట్ మీద 38 అని ఉంటే దాని రంధ్రం వ్యాసం 0.38 మిల్లీమీటర్లని అర్థం. కొన్ని నెలలు నిలిపి ఉంచిన బండిలో పెట్రోల్ ఆవిరైపోయి లక్కలాంటి పొర మిగులుతుంది. ఆ పొర రంధ్రం గోడల మీద 0.03 మిల్లీమీటర్ల మందాన పేరుకుందనుకుంటే మిగిలే వ్యాసం 0.32. వ్యాసంలో తేడా చిన్నదిగా కనిపించినా పెట్రోల్ ప్రవహించే విస్తీర్ణం దాదాపు 29 శాతం తగ్గిపోతుంది. ఇంత తగ్గినా జెట్‌ను వెలుతురుకు ఎత్తి చూస్తే అవతలి వైపు చుక్కంత వెలుగు కనిపిస్తూనే ఉంటుంది. అందువల్ల వెలుగు కనిపించడం శుభ్రతకు రుజువు కాదు. వెలుగు చుక్క గుండ్రంగా, అంచులు పదునుగా ఉండాలి. ఒక వైపు చంద్రవంకలా తరిగి ఉంటే పొర ఇంకా మిగిలి ఉన్నట్టే.

దీన్నుంచి రెండు విషయాలు తేలుతాయి. కడగడానికి ముందు కుదిరిన స్క్రూ కొలత, మురికి పట్టిన జెట్‌కు తగ్గట్టుగా ఎవరో సర్దిన కొలత కావచ్చు. జెట్ శుభ్రపడ్డాక అదే కొలత తప్పవుతుంది. అలాగే, రంధ్రంలోకి ఇనుప తీగను జొనిపి గీకితే మెత్తని ఇత్తడి అరిగి రంధ్రం పెద్దదవుతుంది. 0.38 ఉన్నది 0.42కు చేరితే విస్తీర్ణం 22 శాతం పెరుగుతుంది. అప్పుడు స్క్రూను ఎంత సర్దినా మిశ్రమం చిక్కగానే ఉంటుంది. కార్బురేటర్ క్లీనర్‌లో నానబెట్టి, గాలితో ఊది, తప్పనిసరైతే మెత్తని నైలాన్ పోగు వాడడమే సురక్షితం.

ఇంజన్ వైపు ఉండే మిక్స్చర్ స్క్రూల్లో చాలావాటికి ఒక స్ప్రింగు, సన్నని వాషర్, చిన్న ఓ-రింగు ఉంటాయి. స్క్రూ తల నుంచి మొన వైపు అదే వరుసలో అవి ఎక్కాలి. ఓ-రింగు కార్బురేటర్ లోపలే ఉండిపోవడం, లేదా క్లీనర్‌లో ఉబ్బి పనికిరాకుండా పోవడం తరచుగా జరుగుతుంది. అది లేకపోతే స్క్రూ మరల సందుల నుంచి గాలి చొరబడి, ఐడిల్ ఒక పూట ఒకలా, మరో పూట ఇంకోలా ఉంటుంది.

ఏ వైపు తిప్పితే ఏమవుతుంది

షెడ్డుల్లో ఈ స్క్రూ దేన్నైనా ఎయిర్ స్క్రూ అనే పిలుస్తారు. నిజానికి ఇందులో రెండు రకాలున్నాయి. స్క్రూ ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలిని అదుపు చేస్తుంది, దాన్ని వదులు చేస్తే మిశ్రమం పలచబడుతుంది. స్లైడ్ దాటాక ఇంజన్ వైపు ఉంటే అది పెట్రోల్ కలిసిన మిశ్రమాన్నే అదుపు చేస్తుంది, దాన్ని వదులు చేస్తే మిశ్రమం చిక్కబడుతుంది. ఒక బండి మీద నేర్చుకున్న అలవాటును ఇంకో బండికి వర్తింపజేస్తే ఫలితం సరిగ్గా తలకిందులవుతుంది. కాబట్టి మొట్టమొదట చూడవలసింది స్క్రూ ఉన్న చోటు.

ఒక 100 సీసీ బండి మీద వరుసగా

ఇంజన్ వైపు మిక్స్చర్ స్క్రూ ఉన్న ఒక 100 సీసీ ఫోర్ స్ట్రోక్ బైకును ఉదాహరణగా తీసుకుందాం. నాలుగు నెలలు కదలకుండా ఉన్నది, ఇప్పుడే కార్బురేటర్ కడిగారు. ఇలాంటి బండికి ఐడిల్ వేగం 1400 ఆర్‌పీఎం, అటూ ఇటూ వంద తేడాతో ఉండాలి. విప్పే ముందు స్క్రూను నెమ్మదిగా బిగిస్తూ లెక్కపెట్టగా అది రెండు చుట్లకు అడుగు తాకింది. మొన తాకిన చోటే ఆపాలి. గట్టిగా బిగిస్తే సూదిలాంటి మొన మీద గుండ్రటి గాడి పడుతుంది, లోపలి రంధ్రం అంచు విరిగే ప్రమాదమూ ఉంది. అలా పాడైన స్క్రూ ఆ తర్వాత ఎప్పటికీ సున్నితంగా పనిచేయదు.

బిగించేటప్పుడు తిరిగి రెండు చుట్ల దగ్గరే మొదలుపెట్టారు. ఎయిర్ ఫిల్టర్ అమర్చి, యాక్సిలరేటర్ కేబుల్‌కు కొన్ని మిల్లీమీటర్ల వదులు ఉందని చూసుకుని, బండిని పది నిమిషాలు నడిపి వేడెక్కించారు. ఈ మెట్టును దాటవేయకూడదు. చల్లని ఇంజన్‌లో పెట్రోల్ సరిగా ఆవిరి కాదు కాబట్టి దానికి చిక్కని మిశ్రమం నప్పుతుంది. చల్లగా ఉన్నప్పుడు కుదిర్చిన స్క్రూ వేడెక్కాక చిక్కదనం వైపే మిగిలిపోతుంది. చోక్ పూర్తిగా తీసేసి, బండిని సమతలమైన నేల మీద సెంటర్ స్టాండ్ వేసి, ఆరుబయటే ఈ పని చేయాలి. మూసిన గదిలో ఐడిల్ మీద ఉంచిన ఇంజన్ కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణాలు తీయగలదు.

మొదట ఐడిల్ స్క్రూతో వేగాన్ని 1600 దాకా తెచ్చి ఉంచారు. తర్వాత మిక్స్చర్ స్క్రూను ఎనిమిదో వంతు చుట్టు చొప్పున బిగిస్తూ, ప్రతిసారి పది సెకన్లు ఆగి విన్నారు. ఆగడం ఎందుకంటే ఇంజన్ కొత్త మిశ్రమానికి స్థిరపడడానికి కొంత సమయం పడుతుంది. చుట్టున్నర దగ్గర శబ్దం గుల్లగా మారి, చుట్టుంబావు దగ్గర వేగం పడిపోతూ ఇంజన్ ఆగిపోయేలా అయింది. అక్కడి నుంచి వదులు చేస్తూ వస్తే వేగం పెరుగుతూ, రెండుంబావు నుంచి రెండున్నర చుట్ల మధ్య అత్యధికంగా నిలిచింది. మూడు చుట్ల దగ్గర శబ్దం బరువెక్కి, మళ్లీ తగ్గసాగింది. అంటే వేగం ఒక శిఖరంలా పెరిగి, రెండు వైపులా దిగుతోంది. ఇలా రెండు వైపులా దిగడమే పైలట్ దారి తెరిచి ఉందనడానికి నమ్మదగిన గుర్తు.

శిఖరం దొరికాక ఐడిల్ స్క్రూను వదులు చేసి వేగాన్ని 1400కు దించారు. స్లైడ్ కొంచెం దిగింది కాబట్టి పైలట్ రంధ్రం దగ్గర చూషణ మారింది. అందుకే మిక్స్చర్ స్క్రూతో శిఖరాన్ని ఇంకోసారి వెతికారు. ఈసారి అది రెండుంబావు దగ్గర తేలింది. వేగం కాస్త పెరగడంతో మళ్లీ 1400కు దించారు. సాధారణంగా రెండు విడతల్లో రెండు స్క్రూలూ కుదురుతాయి. ఒక్క విడతలో ముగించడమే ఎక్కువ చోట్ల జరిగే పొరపాటు. చివరగా హ్యాండిల్‌ను పూర్తిగా కుడికి, ఎడమకు తిప్పి చూశారు. అప్పుడు వేగం పెరిగితే తప్పు స్క్రూలది కాదు, బిగుసుకున్న యాక్సిలరేటర్ కేబుల్‌ది.

ఆర్‌పీఎం మీటరు లేని బండికి చెవే కొలబద్ద. ఫోర్ స్ట్రోక్ ఇంజన్ రెండు చుట్లకు ఒకసారి పేలుతుంది. 1400 ఆర్‌పీఎం అంటే నిమిషానికి 700, సెకనుకు దాదాపు 12 దెబ్బలు. ఇంత వేగాన్ని చెవితో లెక్కించలేం. ఫోనులో ఐదు సెకన్ల శబ్దం రికార్డు చేసి, తరంగ రూపంలో చూపించే ఎడిటర్‌లో శిఖరాలు లెక్కిస్తే సుమారు 58 రావాలి. ప్లగ్ తీగకు తగిలించే ఆర్‌పీఎం మీటరు వాడేవారు మరో సంగతి గుర్తుంచుకోవాలి. ఇలాంటి చిన్న బండ్లలో చాలావాటికి ఇంజన్ తిరిగే ప్రతి చుట్టుకూ ప్లగ్ మెరుస్తుంది. మీటరును రెండు చుట్లకు ఒక మెరుపు లెక్కన అమర్చి ఉంటే 1400కు బదులు 2800 చూపిస్తుంది.

సైలెన్సర్ ఏం చెబుతుంది

వేగం కంటే ముందే మారేది శబ్దం స్వభావం. మిశ్రమం చిక్కగా ఉంటే దెబ్బలు మెత్తగా, బరువుగా, నిండు బిందెను వేళ్లతో తట్టినట్టు వినిపిస్తాయి. ఇంజన్ ఒక లయలో ఊగుతున్నట్టు వేగం కొద్దిగా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. పొగలో పచ్చి పెట్రోల్ వాసన ఉండి కళ్లు మండుతాయి. సైలెన్సర్ మూతి లోపల వేలు పెడితే మసి తడిగా అంటుకుంటుంది. ఇంజన్ ఆపి, సైలెన్సర్ చల్లారాకే ఆ పరీక్ష చేయాలి. పలచగా ఉంటే శబ్దం సన్నగా, పొడిగా, గుల్ల డబ్బా మీద కొట్టినట్టు మారుతుంది. దెబ్బల మధ్య లయ ఉండదు. నాలుగైదు దెబ్బలు సాఫీగా పడి, ఒకటి తప్పిపోయి, వెంటనే చిన్నగా 'టప్' మంటుంది. సిలిండర్‌లో మండకుండా వెళ్లిన మిశ్రమం వేడి గొట్టంలో కాలడమే ఆ టప్‌కు కారణం.

ఈ రెండింటినీ విడదీయడానికి అన్నిటికంటే స్పష్టమైన పరీక్ష, యాక్సిలరేటర్‌ను ఒక్కసారి తిప్పి వదలడం. వేగం పైకి వెళ్లి, దిగడానికి మొరాయించి, రెండు మూడు సెకన్లు ఎత్తులోనే వేలాడి నెమ్మదిగా దిగితే మిశ్రమం పలచగా ఉన్నట్టు. దిగేటప్పుడు 1400 కంటే కిందికి జారి, దాదాపు ఆగబోయి, మళ్లీ లేచి నిలబడితే చిక్కగా ఉన్నట్టు. కుదిరిన ఇంజన్ వేగం నేరుగా దిగి, తన అంకె దగ్గర ఆగుతుంది.

సైలెన్సర్ మూతికి కొద్ది దూరంలో చించిన న్యూస్ పేపర్ ముక్కను పట్టుకుంటే చెవికి సహాయంగా ఉంటుంది. సరైన ఐడిల్‌లో కాగితం ఒకే వరుసలో బయటికి కొట్టుకుంటుంది. దెబ్బ తప్పినప్పుడు అది తడబడుతుంది. పదే పదే మూతి వైపు లోపలికి లాగబడుతుంటే ఎగ్జాస్ట్ వాల్వ్ సరిగా మూసుకోవడం లేదేమో చూడాలి. టాపెట్ సందు మరీ తక్కువగా ఉన్నప్పుడు కూడా ఇలా జరుగుతుంది.

కొన్ని శబ్దాలు తప్పుదారి పట్టిస్తాయి. సైలెన్సర్ సిలిండర్ హెడ్‌ను కలిసే చోట గ్యాస్కెట్ లీకైతే అక్కడ 'చిక్ చిక్' మని వినిపిస్తుంది. ఆ సందు నుంచి గొట్టంలోకి గాలి చొరబడి, యాక్సిలరేటర్ వదిలినప్పుడు టపాసుల్లాంటి శబ్దాలు వస్తాయి. అది విని మిశ్రమం పలచగా ఉందనుకుని స్క్రూ తిప్పితే పరిస్థితి చెడుతుంది. ప్లగ్ బలహీనంగా ఉన్నా దెబ్బలు తప్పుతాయి. తేడా ఏమిటంటే, ఆ తప్పడం మిక్స్చర్ స్క్రూను ఎటు తిప్పినా పెద్దగా మారదు.

స్క్రూ మాట వినకపోతే

స్క్రూను అర చుట్టు అటూ ఇటూ తిప్పినా శబ్దం మారకపోతే మొదట ఐడిల్ స్క్రూను వెనక్కి తిప్పి స్లైడ్‌ను దించాలి. దించగానే ఇంజన్ ఆగిపోతుంటే పైలట్ దారి ఇంకా మూసుకునే ఉంది, కార్బురేటర్‌ను మళ్లీ విప్పవలసిందే. ఇంజన్ వైపు స్క్రూ పూర్తిగా బిగుసుకునే దశలో మాత్రమే బండి బాగా నడుస్తుంటే పెట్రోల్ మరెక్కడి నుంచో ఎక్కువగా వస్తోందని అర్థం. ఫ్లోట్ మట్టం ఎక్కువగా ఉండడం, చోక్ పూర్తిగా తెరుచుకోకపోవడం, అరిగిన జెట్ వంటివి అక్కడ చూడాలి. మూడు చుట్లు దాటి వదులు చేస్తే తప్ప కుదరకపోతే జెట్ మురికో, ఇన్‌టేక్ రబ్బరు చిట్లి గాలి చొరబడడమో కారణం. ఫిల్టర్ వైపు స్క్రూ ఉన్న బండ్లకు ఈ రెండు గుర్తులూ తారుమారవుతాయి.

ఇథనాల్ ప్రభావం ఎంత

మామూలు పెట్రోల్ పూర్తిగా మండడానికి బరువులో దాదాపు 14.7 వంతుల గాలి కావాలి. ఇథనాల్‌కు సుమారు 9 వంతులే చాలు. 20 శాతం మిశ్రమానికి లెక్క 13.5 దగ్గరకు వస్తుంది. ఫ్యూయెల్ ఇంజెక్షన్ బండి సెన్సర్ సాయంతో ఈ తేడాను చాలావరకు సర్దుకుంటుంది. జెట్ పరిమాణం మారని కార్బురేటర్‌కు ఆ వీలు లేదు. ఇథనాల్ లేని పెట్రోల్‌తో పోలిస్తే దాని మిశ్రమం 7 శాతం వరకు పలచబడుతుంది. ఇదివరకటి 10 శాతం ఇథనాల్ పెట్రోల్‌తో పోలిస్తే తేడా ఇందులో సుమారు సగమే. అప్పటికే పలచదనం అంచున ఉన్న బండిలో రేస్ వేలాడడం, గుల్ల శబ్దం ఇప్పుడే బయటపడడానికి ఇదొక కారణం. పావు చుట్టు నుంచి అర చుట్టు సర్దుబాటు ఐడిల్ వరకు దీన్ని సరిచేస్తుంది. మెయిన్ జెట్ పనిచేసే వేగాల్లో మాత్రం ఈ స్క్రూ ప్రభావం దాదాపు శూన్యం. రోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగంలో బండి లాగడం లేదని మిక్స్చర్ స్క్రూ తిప్పడం వల్ల ప్రయోజనం ఉండదు.

పొల్యూషన్ చీటీతో సరిపోల్చడం

పొల్యూషన్ పరీక్షలో ఇలాంటి పాత బండ్ల పొగను ఐడిల్‌లోనే కొలుస్తారు. కాబట్టి ఆ చీటీ మీది అంకెలు మిక్స్చర్ స్క్రూ స్థితికి నేరుగా అద్దం పడతాయి. 2000 మార్చి 31 తర్వాత తయారై, బీఎస్-4కు ముందువైన ఫోర్ స్ట్రోక్ టూవీలర్లకు కార్బన్ మోనాక్సైడ్ పరిమితి 3.5 శాతం, హైడ్రోకార్బన్ల పరిమితి 4500 పీపీఎం. కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా వస్తే మిశ్రమం చిక్కగా ఉంది. అది తక్కువగా ఉండి హైడ్రోకార్బన్లు మాత్రమే పెరిగితే పెట్రోల్ మండకుండా బయటికి పోతోంది. అంటే మిశ్రమం అతిగా పలచబడి దెబ్బలు తప్పుతున్నాయి, లేదా ప్లగ్ సరిగా మెరవడం లేదు. పొల్యూషన్ గట్టెక్కాలని స్క్రూను పలచదనం వైపు తిప్పించుకున్న బండి రెండో పరిమితి దగ్గర ఇరుక్కునేది ఇందువల్లే. పరీక్షకు వెళ్లే ముందు ఇంజన్‌ను బాగా వేడెక్కించి, స్క్రూ అడుగు నుంచి ఎన్ని చుట్ల దగ్గర ఉందో రాసిపెట్టుకుంటే, తర్వాత ఎవరైనా దాన్ని కదిపినా ఆ కొలతకే తిరిగి తెచ్చి అక్కడి నుంచి శిఖరాన్ని మళ్లీ వెతకవచ్చు.